ఇన్‌పుట్ టెస్టింగ్ పాఠాలు, 3వ భాగం: 20 అక్షరాల పెట్టెలో లక్ష్మి

పోయిన భాగంలో ఖాళీ పెట్టెనీ, స్పేస్‌లు మాత్రమే కొట్టిన పెట్టెనీ చూశాం. ఈసారి ఒకే ఒక్క రూలు పట్టుకుందాం: "పేరు 20 అక్షరాలకు మించకూడదు." చాలామంది టెస్టర్లు 19 సార్లు, 20 సార్లు, 21 సార్లు `a` కొట్టి, 21వది ఆగిందా లేదా చూసి, పాస్ అని రాసేస్తారు. కానీ `a`తో ఈ రూలు గురించి పెద్దగా ఏమీ తెలియదు. కంటికి కనిపించే అక్షరం ఒకటి, కంప్యూటర్ లెక్కలో కోడ్ పాయింట్ ఒకటి, దాచడానికి బైట్ ఒకటి. మూడు లెక్కలూ ఒకటే అయినప్పుడు ఎవరు ఏ లెక్క వాడుతున్నారో బయటపడదు కదా.

తెలుగు పేరు పెడితే బయటపడుతుంది. ఇది నడిపి చూడండి:

```python
s = "లక్ష్మి"
print(len(s))
print(len(s.encode("utf-16-le")) // 2)
print(len(s.encode("utf-8")))
```

7, 7, 21 అని వస్తుంది. మొదటిది కోడ్ పాయింట్లు, రెండోది యూటీఎఫ్-16 యూనిట్లు, అంటే రెండేసి బైట్ల ముక్కలు, మూడోది యూటీఎఫ్-8 బైట్లు. చదివేవాళ్లకి కనిపించేది ల, క్ష్మి, అంతే, రెండు అక్షరాలు. లోపల మాత్రం ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు కోడ్ పాయింట్లు వరసగా ఉంటాయి. తెలుగు కోడ్ పాయింట్ ఒక్కోదానికి యూటీఎఫ్-8లో 3 బైట్లు, అందుకే 21. `s`లో 👍🏽 పెడితే 2, 4, 8 వస్తాయి, ఎందుకంటే చర్మపు రంగు అక్కడ విడి కోడ్ పాయింట్.

ఇప్పుడు ఆ 20 అనే అంకె ఒక్కో చోట ఏం లెక్కపెడుతుందో చూడండి. హెచ్‌టీఎంఎల్‌లో `maxlength="20"` అంటే 20 యూటీఎఫ్-16 యూనిట్లు, అంటే పైన రెండో అంకె. సర్వర్‌లో పైథాన్ `len()` అయితే మొదటి అంకె. వెనక ఒరాకిల్‌లో కాలమ్‌ని `VARCHAR2(20)` అని రాసి సెట్టింగులు ముట్టుకోకపోతే అది 20 బైట్లు, అంటే మూడో అంకె. కాబట్టి లక్ష్మి అనే మనిషి రెండు అక్షరాల పేరు కొడితే బ్రౌజర్ సరే అంటుంది, సర్వర్ సరే అంటుంది, ఒక్క బైట్ ఎక్కువైందని డేటాబేస్ `ORA-12899` విసురుతుంది, ఆవిడకేమో "ఏదో తప్పు జరిగింది" అని కనిపిస్తుంది. అదే పేరు Lakshmi అని కొడితే 7 బైట్లే కనుక హాయిగా సేవ్ అవుతుంది. ఇంగ్లిష్ పేర్లతో మాత్రమే టెస్ట్ చేసే టీమ్‌కి ఈ బగ్ ఎప్పటికీ కనబడదు. పోస్ట్‌గ్రెస్‌లో `varchar(20)` బైట్లని కాక కోడ్ పాయింట్లని లెక్కపెడుతుంది, కాబట్టి వెనక ఏ డేటాబేస్ ఉందో ముందే అడిగి తెలుసుకోండి.

ఎర్రర్ ఇచ్చిందంటే ఒక రకంగా నయమే, కనీసం తెలుస్తుంది. అసలు టెన్షన్ పెట్టేది చప్పుడు లేకుండా కత్తిరించే కోడ్. దాన్ని పట్టుకోవాలంటే హద్దు అక్షరం మధ్యలో పడాలి, మధ్యలో ఎక్కడెక్కడ పడే వీలుందో అన్ని చోట్లా పడాలి. అందుకని ముందు `a`లు పెంచుకుంటూ పేరుని కొంచెం కొంచెంగా హద్దు మీదకి జరుపుతాం:

```python
for n in range(13, 21):
    print("a" * n + "లక్ష్మి")
```

ఎనిమిది వరసలొస్తాయి, ఒక్కోటి పెట్టెలో పేస్ట్ చేసి సేవ్ చేయండి, పేజీ రీఫ్రెష్ చేశాక ఏం మిగిలిందో రాసుకోండి. 13 `a`లతో మొత్తం సరిగ్గా 20, పేరు పూర్తిగా ఉండాలి. కోడ్ పాయింట్ల లెక్కన గుడ్డిగా కత్తిరించే కోడ్ అయితే 14 దగ్గర లక్ష్మ, 15 దగ్గర లక్ష్, 16 దగ్గర లక్ష, 17 దగ్గర లక్, 18 దగ్గర లక మిగులుతాయి. 16 దగ్గర జాగ్రత్త, ఎందుకంటే "లక్ష" మంచి తెలుగు మాటే, చూసినవాళ్లకి అనుమానం కూడా రాదు. కత్తిరించక తప్పని చోట సరైన ప్రవర్తన ఏమిటంటే, 14 నుంచి 19 దాకా అన్నిటిలోనూ ల ఒక్కటే మిగలాలి, క్ష్మి ఉంటే మొత్తం ఉండాలి, లేకపోతే మొత్తం పోవాలి. నన్నడిగితే పేర్ల విషయంలో కత్తిరించనే కూడదు, పొడవు ఎక్కువైందని చెప్పి ఆపాలి.

బైట్ల లెక్కన కత్తిరించే కోడ్ ఇంకో రకంగా దొరుకుతుంది. మూడు బైట్ల కోడ్ పాయింట్ మధ్యలో తెగితే ఆ ముక్కకి అర్థం ఉండదు కనుక చివర్లో � కనిపిస్తుంది. అది కనిపిస్తే ఫాంట్ సమస్య అని వదిలేయకండి, ఫాంట్ లేకపోతే సాధారణంగా ఖాళీ డబ్బాలు వస్తాయి. ఎమోజీకి కూడా ఇదే జరపుడు పద్ధతి వాడండి. 👨‍👩‍👧 లోపల మూడు బొమ్మలు, వాటిని కలిపే కనబడని జాయినర్లు రెండు, మొత్తం 8 యూటీఎఫ్-16 యూనిట్లు. 5 దగ్గర తెగితే అమ్మా నాన్నా మిగిలి పాప పోతుంది, 7 దగ్గర తెగితే పాప బొమ్మలో సగం మిగులుతుంది, ఆ సగాన్ని యూటీఎఫ్-8లోకి మార్చబోతే పైథాన్ `UnicodeEncodeError` ఇస్తుంది. ఇవన్నీ పెట్టెలో పేస్ట్ చేయడంతో ఆపకుండా ఏపీఐకి నేరుగా కూడా పంపండి, బ్రౌజర్ ముందే అడ్డుకుంటే సర్వర్ ఏం చేస్తుందో ఎప్పటికీ తెలియదు.

"అయితే కంటికి కనిపించే అక్షరాలనే లెక్కపెడదాం" అని డెవలపర్ అనొచ్చు. ఆలోచన మంచిదే, యూనికోడ్‌లో దానికి గ్రాఫీమ్ క్లస్టర్ అని నియమం కూడా ఉంది. రెండు విషయాలు మాత్రం టెస్ట్ చేయాలి. ఒకటి, పొల్లుతో కలిసిన ఒత్తులని ఒకే క్లస్టర్‌గా చూడాలన్న రూలు తెలుగుకి 2023లో వచ్చిన యూనికోడ్ 15.1తోనే చేరింది. పాత లైబ్రరీ ఉన్న ఫోన్లో లక్ష్మిని ల, క్, ష్, మి అని నాలుగుగా లెక్కపెడుతుంది, కొత్తదాంట్లో రెండు. పెట్టె కింద ఉండే కౌంటర్ రెండు ఫోన్లలో రెండు అంకెలు చూపిస్తే కారణం ఇదే కావచ్చు.

రెండోది ఇంకా ప్రమాదం:

```python
s = "e" + "\u0301" * 10000
```

ఒక e, దాని మీద పదివేల స్వర చిహ్నాలు. నియమం ప్రకారం ఇదంతా ఒకే క్లస్టర్! 20 క్లస్టర్ల హద్దు దీన్ని ఆనందంగా లోపలికి రానిస్తుంది, అది 20,001 బైట్లు, స్క్రీన్ మీద పక్క వరసల మీదకి గీతలు పాకుతాయి, కొన్నిచోట్ల పేజీయే నెమ్మదిస్తుంది. కాబట్టి క్లస్టర్ల హద్దు పెట్టినచోట బైట్ల హద్దు కూడా ఉండాలి, ఆ రెండోది ఎంతో స్పెసిఫికేషన్‌లో లేకపోతే అదే మీ మొదటి బగ్ రిపోర్ట్.

ఇలాంటి వరసలని ఎవరు కొడతారని ఎవరైనా అంటే, 2018 ఫిబ్రవరి సంగతి చెప్పండి. తెలుగు జ్ఞా మధ్యలో ఒక కనబడని జీరో-విడ్త్ నాన్-జాయినర్ దూరిన వరస మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో ఆ యాప్ క్రాష్ అయ్యేది, దాన్ని ఐఓఎస్ 11.2.6లో సరిచేశారు. అక్కడున్నవి అయిదే కోడ్ పాయింట్లు.

ఇంటి పని: పై మొదటి స్క్రిప్ట్‌ని "వైష్ణవి"తో నడపండి, 7, 7, 21 వస్తుంది. తర్వాత పైన `import unicodedata` రాసి, `s` కింద `s = unicodedata.normalize("NFD", s)` చేర్చి మళ్లీ నడపండి. స్క్రీన్ మీద పేరు అదే, అంకెలు మాత్రం 8, 8, 24. ఐత్వం రెండు ముక్కలుగా విడిపోయింది. ఈ రెండు పేర్లనీ మీ యాప్‌లో రెండు అకౌంట్లుగా సేవ్ చేసి, సెర్చ్‌లో ఒకదాన్ని కొడితే రెండోది వస్తుందో లేదో రాసి పెట్టుకోండి, 4వ భాగం అక్కడి నుంచే మొదలుపెడదాం.