ఆసియాన్ దేశాలకు ఎగుమతి: సుంకం రాయితీ కోసం ఆరిజిన్ సర్టిఫికెట్ తీసుకోవడం ఎలా?

ఆసియాన్-భారత్ వాణిజ్య ఒప్పందం 2010 జనవరి 1న అమల్లోకి వచ్చింది. దాని కింద వియత్నాంలోనో మలేసియాలోనో మీ కొనుగోలుదారు తక్కువ సుంకం కట్టాలంటే మీరు సరుకు ఏ దేశానిదో రుజువు చేసే ‘ఫారమ్ ఏఐ’ అనే ఆరిజిన్ సర్టిఫికెట్ పంపాలి. ఇండియాలో ప్యాక్ చేసి, ఇండియా నుంచి పంపినంత మాత్రాన సరుకు ఇండియాది అయిపోదు. చిక్కంతా అక్కడే.

దరఖాస్తుకు ముందు కొనుగోలుదారును ఒక మాట అడగండి: మీ దేశంలో కస్టమ్స్ ఈ సరుకును వర్గీకరించే హెచ్‌ఎస్ కోడ్ ఏది, దానికి మామూలు సుంకం ఎంత, ఒప్పందం కింద ఎంత? రెండూ ఒకటే అయితే ఈ శ్రమ అనవసరం. కోడ్ మీరు ఒకటి, వాళ్లు ఇంకొకటి రాస్తే సర్టిఫికెట్ అక్కడి కస్టమ్స్ దగ్గర ఆగిపోవచ్చు.

మన నేలలో పండినవి, మన గనుల్లో తీసినవి అయితే లెక్క తేలిక. ఒప్పంద దేశాల బయటి ముడిసరుకు కలిస్తే మాత్రం రెండు షరతులున్నాయి. బయటి భాగాల ఆరంకెల హెచ్‌ఎస్ కోడ్, తయారైన వస్తువు కోడ్ వేరుగా ఉండాలి. దాంతోపాటు ఎఫ్‌ఓబీ ధరలో, అంటే ఇక్కడి రేవులో ఓడ ఎక్కించేదాకా అయ్యే ధరలో, కనీసం 35 శాతం విలువ ఒప్పంద దేశాలది కావాలి. అంటే బయటి సరుకు, ఎక్కడిదో తేలని సరుకు కలిపి 65 శాతం దాటకూడదు.

బాలానగర్‌లో నీటి పంపులు చేసే ఒక యూనిట్‌ను ఊహించుకుందాం. పంపు ఎఫ్‌ఓబీ ధర 20,000 రూపాయలు. చైనా మోటారు 9,000, చైనా సీలు 1,000, రెండూ సీఐఎఫ్, అంటే రవాణా, బీమా కలిపిన ధరలే. బేరింగులు 1,500 పెట్టి లోకల్ డీలర్ దగ్గర, క్యాస్టింగులు 2,500 పెట్టి ఇక్కడి ఫౌండ్రీలో కొన్నారు. యజమాని లెక్కలో బయటి సరుకు 10,000, అంటే 50 శాతం. హాయిగా పాసైనట్టే అనుకుంటాడు.

కానీ బేరింగులకీ క్యాస్టింగులకీ ఆయన దగ్గర ఉన్నది జీఎస్టీ బిల్లు ఒక్కటే. ఎవరి దగ్గర కొన్నారో బిల్లు చెబుతుంది, సరుకు ఎక్కడ తయారైందో చెప్పదు. రుజువు లేని సరుకు ‘ఎక్కడిదో తేలనిది’ కిందికి పోతుంది. అప్పుడు మొత్తం 14,000, అంటే 70 శాతం. ఫెయిల్! ఫౌండ్రీ నుంచి ‘ఈ క్యాస్టింగులు మా దగ్గరే పోతపోశాం’ అని బిల్లు నంబర్లతో సహా సంతకం చేసిన డిక్లరేషన్ తెచ్చుకుంటే 2,500 తగ్గి, 11,500 దగ్గర అంటే 57.5 శాతం దగ్గర ఆగుతుంది. అన్నిటికన్నా ఎక్కువగా మర్చిపోయే కాగితం ఇదే, ఏడాది తర్వాత అడిగితే దొరకనిదీ ఇదే.

ఇంతలో కొనుగోలుదారు బేరమాడి ధర 17,000కి దించాడనుకోండి. అదే 11,500 ఇప్పుడు 67.6 శాతం. పంపులో ఒక్క బోల్టు మారకపోయినా అర్హత పోయింది. ఈ పంపుకు 65 శాతం గీత 17,700 ధర దగ్గరలో ఉంది. డిస్కౌంట్‌కు ఒప్పుకునే ముందు అకౌంట్స్ వాళ్లతో ఒకసారి లెక్క వేయించండి. ఆ మోటారే ఆసియాన్ దేశంలో తయారై, ఫారమ్ ఏఐతో వస్తే మాత్రం బయటిదిగా లెక్కించరు.

శాతాలు సరిపోయినా, తెచ్చిన భాగాలను ఊరికే బిగించి పెట్టెలో పెట్టడం తయారీ కాదు. క్యాస్టింగును మెషినింగ్ చేసిన జాబ్ కార్డులు, టెస్టింగ్ రికార్డులు అందుకే ఉంచుకోవాలి.

దరఖాస్తు మొత్తం ఆన్‌లైన్‌లోనే. trade.gov.in లో ఎగుమతి-దిగుమతిదారుల కోడ్ అయిన ఐఈసీతో లాగిన్ అయి, ఒప్పందాన్ని, సర్టిఫికెట్ ఇచ్చే సంస్థను ఎంచుకోవాలి. మన పంపులకైతే ఎక్స్‌పోర్ట్ ఇన్‌స్పెక్షన్ ఏజెన్సీ సరిపోతుంది. ఇన్వాయిస్, షిప్పింగ్ బిల్లు, భాగాలవారీ ఖర్చుల పట్టిక అప్‌లోడ్ చేసి, డిజిటల్ సిగ్నేచర్‌తోనో ఆధార్ ఈ-సైన్‌తోనో సంతకం చేయాలి. పట్టికలోని ప్రతి అంకెకూ వెనక ఒక కాగితం ఉండాలి. దిగుమతి భాగాలకు ఇక్కడి కస్టమ్స్‌లో దాఖలు చేసిన బిల్ ఆఫ్ ఎంట్రీ, లోకల్ వాటికి బిల్లుతో పాటు డిక్లరేషన్.

ఓడ కొలంబోలో మారితే, చివరి రేవు దాకా సరుకు రవాణా పత్రమైన బిల్ ఆఫ్ లేడింగ్ ఒకటే ఉండేలా, సరుకు పంపే ఏజెంటు అయిన ఫార్వర్డర్‌కు ముందే చెప్పండి. దారిలో సరుకు దించి ఎక్కించడం తప్ప ఇంకేమీ జరగలేదని చూపేది అదే.

అక్కడి కస్టమ్స్‌కు అనుమానం వస్తే సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు రాస్తుంది, ఆ సంస్థ మిమ్మల్ని అడుగుతుంది. కాబట్టి ఒక్కో సర్టిఫికెట్‌కు ఒక్కో ఫైలు పెట్టండి. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాల్సిందే కదా, ఈ ఫైలునూ వాటి పక్కనే అంతకాలం ఉంచండి.

సరుకు వెళ్లేలోగా సర్టిఫికెట్ తీసుకోలేకపోయినా టెన్షన్ పడక్కర్లేదు. ఓడ ఎక్కిన తేదీ నుంచి 12 నెలల్లోపు, తర్వాత జారీ చేసినట్టు ముద్రతో తీసుకోవచ్చు. కాకపోతే కొనుగోలుదారు ఈలోగా పూర్తి సుంకం కట్టి ఉంటే, ఆ డబ్బు వెనక్కి వస్తుందో లేదో వాళ్ల కస్టమ్స్‌నే అడిగి తెలుసుకోవాలి.