దరఖాస్తుల వడపోత, 5వ పాఠం: 'గుమాస్తా' అని రాసి ఉన్న బయోడేటాను చదవడం

గత పాఠంలో ఉద్యోగ ప్రకటనను విడదీసి, ఆ ఉద్యోగంలో చేరిన మనిషి రోజూ చేయవలసిన పనులను నాలుగైదు వాక్యాలుగా కాగితం మీద రాసుకోవడం నేర్చుకున్నాము. ఆ కాగితాన్ని పక్కన పెట్టుకొని ఈ పాఠం చదవండి. ప్రకటనలో ఉన్న హోదా పేరు ఒకటి, అభ్యర్థి ఇదివరకు పనిచేసిన చోట అతనికున్న హోదా పేరు మరొకటి అయినప్పుడు ఆ దరఖాస్తును ఎట్లా చదవాలన్నది నేటి విషయం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. జడ్చర్ల దగ్గరి ఒక కోళ్ల దాణా మిల్లు 'స్టోర్స్ ఎగ్జిక్యూటివ్' కావాలని ప్రకటించిందనుకోండి. ప్రకటనను విడదీస్తే నాలుగు పనులు తేలాయి. లారీలలో వచ్చే మక్కలను, తవుడును, సోయా చెక్కను కాంటా వేయించి, తేమ చూసి దింపించుకోవాలి. వచ్చిన తేదీ ప్రకారం లాట్లుగా పేర్పించి, పాత సరుకును ముందుగా వాడకానికి పంపాలి. ఇచ్చిన ప్రతి సరుకుకు చీటీ రాసి, సాయంత్రానికి నిల్వను కంప్యూటర్‌లో ఎక్కించాలి. నెలాఖరున పుస్తకంలోని నిల్వకూ గోదాములోని నిల్వకూ తేడా వస్తే, దానికి కారణం రాసి మేనేజరు ముందు పెట్టాలి.

వచ్చిన దరఖాస్తులలో మూడింటిని చూద్దాం. మొదటి అభ్యర్థి మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లులో ఆరేళ్లుగా 'గుమాస్తా'. రెండవ అభ్యర్థి మహబూబ్‌నగర్‌లోని ఒక పార్సిల్ కేంద్రంలో రెండేళ్లుగా 'వేర్‌హౌస్ మేనేజర్'. మూడవ అభ్యర్థి నల్లగొండలో ఒక గోదాములో ఏజెన్సీ ద్వారా పనిచేస్తున్న 'డేటా ఎంట్రీ ఆపరేటర్'. హోదాల వరుస మాత్రమే చూసి పేర్చితే రెండవ దరఖాస్తు పైకి వస్తుంది, మిగిలిన రెండూ కిందికి పోతాయి. నేను ఈ పనిలో చేరిన కొత్తలో సరిగ్గా అట్లాగే పేర్చాను. కిందికి నెట్టిన మనిషిని మూడు నెలల తరువాత మరొక మిల్లు తీసుకున్నదని, అక్కడ గోదాము మొత్తం అతని చేతి మీదుగా నడుస్తున్నదని తెలిసినప్పుడు, నేను చదివింది కాగితంలోని మొదటి వరుస మాత్రమేనని అర్థమైంది.

పేర్లు ఎందుకు కలవవో ముందు తెలుసుకోవాలి, ఎందుకంటే కారణం తెలిస్తేనే ఏ పేరును ఎంత నమ్మాలో తెలుస్తుంది. మన వైపు మిల్లులలో హోదాను ఎవరూ ఆలోచించి పెట్టరు. సేటు తరువాత లెక్కలు చూసే మనిషి ఎవరైనా గుమాస్తాయే. అతను చిట్టా మాత్రమే రాస్తాడా, లేక లారీ గేటు దాటడం మొదలు బియ్యం బయటికి పోయే దాకా అంతా చూస్తాడా అన్నది ఆ మాటలో ఉండదు. దీనికి పూర్తిగా ఎదురుగా కొన్ని కొత్త వ్యాపారాలలో జీతం పెంచలేక పేరు పెంచుతారు, అక్కడ ఇద్దరు ముగ్గురు పిల్లల హాజరు చూసే మనిషి కూడా మేనేజరే అవుతాడు. ఏజెన్సీ ద్వారా పనిచేసేవారి సంగతి ఇంకొకటి. ఒప్పందంలో ఏ పేరుతో ఎన్ని పోస్టులు ఉన్నాయో ఆ పేరే నియామక పత్రం మీదికి, జీతం చీటీ మీదికి వస్తుంది. మనిషిని కూర్చోబెట్టిన కుర్చీకి, చేయించుకునే పనికి ఆ పేరుతో సంబంధం ఉండకపోవచ్చు. ఇక 'ఎగ్జిక్యూటివ్' అనే మాట మన దేశంలో చాలా సంస్థలలో కింది మెట్టు ఉద్యోగికి పెట్టేది, కాబట్టి మేనేజరుగా ఉన్నవాడు ఎగ్జిక్యూటివ్‌గా రావాలనుకోవడాన్ని దిగజారడంగా చదవవలసిన అవసరం లేదు.

ఇప్పుడు చదివే పద్ధతికి వద్దాం. హోదా, సంస్థ పేరు ఉన్న వరుస మీద ఒక కాగితపు ముక్క పెట్టి మూసేయండి. ఇది చిన్నపిల్లల పనిలా కనిపించినా తప్పక చేయండి, ఎందుకంటే కన్ను ఒకసారి హోదాను చూసిన తరువాత కింది వాక్యాలన్నిటినీ ఆ హోదాకు తగ్గట్టే చదువుతుంది. తరువాత బాధ్యతల వాక్యాలను ఒక్కొక్కటిగా తీసుకొని నాలుగు విషయాలు వెతకండి: ఏ వస్తువు మీద పని జరిగింది, ఎంత పరిమాణంలో, నిర్ణయం ఎవరిది, లెక్క తప్పితే జవాబు చెప్పవలసినది ఎవరు. నాలుగూ ప్రతి వాక్యంలో దొరకవు. అయితే మూడవది, నాలుగవది ఎక్కడా దొరకని బయోడేటా, పని పక్కన నిలబడి చూసిన మనిషిది అయి ఉండవచ్చు.

గుమాస్తా రాసిన వాక్యాలు ఇవి: "సీజన్‌లో రోజుకు 30 నుంచి 40 లారీల వడ్లు కాంటా వేయించి దింపించాను. తేమ 17 శాతం దాటిన లారీలను పక్కన పెట్టించి సేటుకు చెప్పాను. ప్రభుత్వ వడ్ల లెక్క, సొంత వడ్ల లెక్క వేరుగా రాశాను. గోనె సంచుల లెక్క చూశాను."

మొదటి వాక్యం మన కాగితంలోని మొదటి పనికి నేరుగా సరిపోయింది, పరిమాణం కూడా ఉంది. రెండవ వాక్యంలో 17 శాతం అన్న అంకెను గమనించాలి, వడ్ల కొనుగోలులో తేమకు పెట్టిన హద్దు అదే. మక్కలకు ఆ హద్దు 14 శాతం. హద్దు మారుతుంది, మీటరులో గింజ రకం మారుతుంది, కానీ తేమ చూసి లారీని ఆపడమనే పని మారదు. అయితే "సేటుకు చెప్పాను" అన్నాడు కనుక వెనక్కి పంపే నిర్ణయం అతనిది కాదు, ఇది నిజాయితీగా రాసిన మాట, దీనికి మార్కు తగ్గించకండి. మూడవ వాక్యమే ఈ దరఖాస్తుకు ప్రాణం. ప్రభుత్వం మిల్లుకు ఇచ్చిన వడ్లను ఆడించి, క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పజెప్పాలి. అంటే వెయ్యి క్వింటాళ్ల వడ్లు దిగితే 670 క్వింటాళ్ల పచ్చి బియ్యానికి మిల్లు జవాబుదారు. సొంత వడ్లతో ఇవి కలిసిపోతే తనిఖీ రోజున మిల్లు ఇరుక్కుంటుంది. ఒకే కప్పు కింద రెండు యాజమాన్యాల సరుకును వేరు చేసి చూపగలిగిన మనిషికి లాట్ల ప్రకారం నిల్వ పెట్టడం కొత్త విద్య కాదు. మన నాలుగు పనులలో రెండు పూర్తిగా కనిపించాయి, నాలుగవ పనికి బలమైన సూచన ఉంది, కంప్యూటర్ ప్రస్తావన మాత్రం లేదు.

'వేర్‌హౌస్ మేనేజర్' రాసినవి: "రోజుకు 900 పార్సిళ్ల స్కానింగ్ పర్యవేక్షించాను. డెలివరీ సిబ్బంది హాజరు, రూట్లు చూశాను. తిరిగి వచ్చిన పార్సిళ్లను అదే రోజు వెనక్కి పంపించాను." ఇది కష్టమైన పనే, దీనిని తక్కువ చేయకూడదు. కానీ ఆ గోదాములో సరుకు రాత్రికి నిలవ ఉండదు, బరువు తగ్గదు, తేమ పట్టదు, పురుగు పట్టదు. మన కాగితంలో కంప్యూటర్‌లో ఎక్కించడమొక్కటే కలుస్తుంది. గోదాము అన్న మాట ఒకటే అయినా అతను నడిపింది సరుకు కదలికను, మనకు కావలసింది సరుకు నిల్వ.

మూడవ దరఖాస్తులో రెండే వాక్యాలు ఉన్నాయి: "లారీ వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించాను. స్టాక్ రిజిస్టర్ పనిలో సహాయం చేశాను." 'సహాయం చేశాను', 'చూసుకున్నాను', 'పాలుపంచుకున్నాను' వంటి క్రియలు వచ్చిన చోట పెన్సిల్‌తో గీత పెట్టండి. వీటి వెనుక పని అంతా తానే చేసిన వినయస్థుడు ఉండవచ్చు, ఏమీ చేయనివాడు ఉండవచ్చు. కాగితం మీద తేల్చలేము కనుక తీసివేయకుండా ఫోన్ వరుసలో పెట్టాలి.

ఫోన్‌లో పది నిమిషాలు చాలు. గుమాస్తాను "మీరు మేనేజరు స్థాయి పని చేశారా?" అని అడగకండి, ఎవరైనా అవుననే అంటారు. పని లోపలి ప్రశ్న అడగండి: "వెయ్యి క్వింటాళ్ల వడ్లు 17 శాతం తేమతో దిగి, 14 శాతానికి ఆరాయి. కాంటా మీద ఎంత తగ్గుతుంది?" 17 లోంచి 14 తీసి ముప్పై క్వింటాళ్లు అనడం సులభం. నిజానికి తేమ పోగా మిగిలే గింజ పదార్థం 830 క్వింటాళ్లు, ఆరిన తరువాత అది మొత్తంలో 86 శాతం కావాలి, కాబట్టి మిగిలేది సుమారు 965, తగ్గేది 35 క్వింటాళ్లు. అభ్యర్థి ఈ లెక్క నోటితో చేయలేకపోయినా ఫరవాలేదు. "ముప్పైకి కొంచెం పైనే పోతుంది సార్, అంతకన్నా చాలా ఎక్కువ పోతే కాంటానో హమాలీలనో చూడాలి" అని జవాబు వస్తే, ఆ మనిషి నిల్వ తేడాకు నిజంగానే జవాబు చెప్పినవాడు. "తగ్గకూడదు సార్" అన్నవాడు పుస్తకం మాత్రమే రాశాడు. ఇదే ఫోన్‌లో కంప్యూటర్ సంగతి కూడా అడిగేయండి, మిల్లులో ట్యాలీ వాడినా బయోడేటాలో రాయడం మరచిపోయేవారు తక్కువేమీ కాదు.

ఈ పద్ధతికి హద్దులు కూడా ఉన్నాయి. బాధ్యతల వాక్యాలను స్నేహితుడి బయోడేటా నుంచి దించుకునేవారు ఉన్నారు. మూడు నాలుగు దరఖాస్తులలో ఒకే వాక్యం అక్షరం మారకుండా వస్తే, లేదా వాక్యాలన్నీ గంభీరంగా ఉండి ఒక్క అంకె గాని, ఒక్క వస్తువు పేరు గాని లేకపోతే అనుమానించండి. ఇంకొక హద్దు చట్టం పెట్టినది. బాయిలర్ నడిపే పనికి బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్ కావాలి, ఎన్నేళ్లు పక్కన నిలబడి నడిపానని ఎంత బాగా రాసినా ఆ కాగితానికి బదులు కాదు. అక్కడ కూడా చూడవలసింది హోదాను కాదు, సర్టిఫికెట్‌ను.

చివరిగా అనుభవ పత్రం విషయం. గుమాస్తాగా పనిచేసినవాడు బయోడేటాలో 'స్టోర్స్ ఇన్‌చార్జి' అని రాస్తే, మిల్లు ఇచ్చిన పత్రంలో 'గుమాస్తా' అని ఉంటే, వెంటనే మోసమని తీర్మానించకండి. ప్రకటనలోని పేరు లేకపోతే ఎవరూ చదవరన్న భయంతో రాసేవారు ఎక్కువ, ఆ భయం మన వడపోత పెట్టినదే. పాత సంస్థకు ఫోన్ చేసినప్పుడు హోదా నిర్ధారణతో ఆగక "గోదాము తాళం చెవి ఎవరి దగ్గర ఉండేది, నెలాఖరు నిల్వ మీద ఎవరు సంతకం పెట్టేవారు?" అని అడగండి. తేదీలు, జీతం, సంతకం కలిసి, పేరు ఒక్కటే తేడాగా ఉంటే, పత్రంలోని పేరునే రికార్డులో రాసుకొని ముందుకు సాగండి. తేదీలు కూడా కలవకపోతే అది వేరే సంగతి, దానిని 7వ పాఠంలో చూద్దాం.

అభ్యాసం: కింది వాక్యాలు ఒక జిన్నింగ్ మిల్లు 'సూపర్‌వైజర్' రాసినవి. "పత్తి బండ్లు దింపించాను. తడి పత్తిని వేరుగా పోయించాను. బేళ్లకు నంబర్లు వేయించి లోడింగ్ చూసుకున్నాను. రోజూ ఓనరుకు లెక్క చెప్పాను." పైన రాసుకున్న నాలుగు పనులలో ఏవి ఇందులో కనిపిస్తున్నాయో, ఏ క్రియ కింద గీత పెట్టాలో గుర్తించి, ఈ అభ్యర్థిని ఫోన్‌లో అడగవలసిన ఒకే ఒక ప్రశ్నను రాయండి. ఆ ప్రశ్నలో తప్పనిసరిగా ఒక పరిమాణం ఉండాలి.