పాత ఇంటి కరెంటు తీగల మీద ఇంటర్నెట్ – పాఠం 3: వైరు ఏ దారిన వెళ్తుందో కనిపెట్టడం

పోయిన పాఠంలో రెండు పవర్‌లైన్ అడాప్టర్లనీ ఒకే స్విచ్‌బోర్డుకి పెట్టి, జత బటన్లు నొక్కి కలిపాం. అప్పుడు వచ్చిన వేగం రాసి పెట్టుకోమన్నాను కదా, ఆ కాగితం ఇవాళ కావాలి. మా మామయ్యగారింట్లో ఆ అంకె 94 ఎంబీపీఎస్. డబ్బా మీద 600 అని ఉంది. ఆ 600 అనేది తీగ మీద రానూపోనూ రెండు వైపులా కలిపి, అన్నీ అనుకూలిస్తే వచ్చే లెక్క. పైగా ఆ తరగతి అడాప్టర్లలో చాలావాటికి, మా దానికి కూడా, లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే ఉంటుంది, కాబట్టి 94 అంటే పోర్టు ఇవ్వగలిగినంతా ఇచ్చేసినట్టే. ఇక్కడి నుంచి తగ్గినదంతా మీ ఇంటి వైరింగు వల్లో, దానికి తగిలించిన వస్తువుల వల్లో తగ్గినట్టు లెక్క.

మామయ్యగారిది కోనసీమలో మండువా ఇల్లు. గానుగ సున్నంతో కట్టిన గోడలు, ఒక్కోటి అడుగున్నర మందం. రౌటర్ వీధి అరుగు పక్క గదిలో ఉంటుంది, మా మరదలు ఆన్‌లైన్ క్లాసులు వినేది మండువా దాటాక వెనక గదిలో. మధ్యలో అలాంటి గోడలు మూడు. ఆ గదిలో వైఫై ఒక గీత కూడా చూపించదు. లాన్ కేబుల్ లాగుదామంటే గోడల్లో పైపులు లేవు, వైరింగు అంతా చెక్క పట్టీల మీద పోతుంది, గోడ తొలవడానికి మామయ్య ఒప్పుకోరు. పవర్‌లైన్ పనికొచ్చేది సరిగ్గా ఇలాంటి చోటే. ఇంకో అనుకూలం కూడా ఉంది, దీన్ని చాలామంది గమనించరు: ఆ ఇంటి పాత భాగానికి ఒకటే మీటరు, ఒకటే ఫేజు, అక్కడి అన్ని గదులకీ కలిపి రెండే రెండు పింగాణీ ఫ్యూజులు. సిగ్నల్ ఒక సర్క్యూట్ లోంచి ఇంకో దాంట్లోకి దూకాల్సిన పని దాదాపు లేదు. గదికో బ్రేకర్ పెట్టిన కొత్త ఇంటి కంటే ఒక్కోసారి ఇదే మెరుగ్గా పనిచేస్తుంది.

ఇప్పుడు iperf3 అనే వేగం కొలిచే ప్రోగ్రాంతో కొలుద్దాం. రౌటర్‌కి కేబుల్‌తో తగిలించిన కంప్యూటర్‌లో మొదటి కమాండ్, రెండో అడాప్టర్‌కి కేబుల్‌తో తగిలించిన ల్యాప్‌టాప్‌లో మిగతా రెండూ ఇవ్వండి. 192.168.1.10 బదులు రౌటర్ దగ్గరున్న మీ కంప్యూటర్ అడ్రస్ వేసుకోండి. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపడం మర్చిపోవద్దు.

```
iperf3 -s
iperf3 -c 192.168.1.10 -t 60
iperf3 -c 192.168.1.10 -t 60 -R
```

చివర సగటు ఒక్కటే చూస్తే సరిపోదు, ప్రతి సెకనుకీ వచ్చే వరస చూడండి. వెనక గదిలో మాకు సగటు 22 వచ్చింది, కానీ లోపల 30 నుంచి 6కి పడిపోతూ మళ్ళీ లేస్తూ ఉంది. నిలకడగా తక్కువ ఉంటే తీగ దూరమో, కొమ్మలు ఎక్కువో అనుకోవాలి. ఇలా ఊగుతుంటే మాత్రం ఇంట్లో ఏదో వస్తువు రొద చేస్తోందనో, ఎక్కడో జాయింటు వదులుగా ఉందనో అర్థం.

రొద సంగతి ముందు. అడాప్టర్ సిగ్నల్ ముఖ్యంగా 2 నుంచి 30 మెగాహెర్ట్జ్ మధ్య పోతుంది, చాలా అడాప్టర్లు ఇంకా పైకి కూడా వెళ్తాయి. చవక ఫోన్ ఛార్జర్లూ ఎల్‌ఈడీ బల్బులూ తీగలోకి రొద వదిలేది కూడా ఆ పరిధిలోనే. పరీక్ష నడుస్తుండగా ఒక్కో వస్తువు ప్లగ్గు తీస్తూ రండి. వస్తువు మీదున్న స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే తీయాలి. మాకు అడాప్టర్ ఉన్న బోర్డుకే పెట్టిన ఛార్జర్ తీయగానే 22 కాస్తా 31 అయింది. అదే ఛార్జర్‌ని అవతలి గదిలో పెడితే తేడా ఏమీ లేదు, అంటే దూరం పెట్టడమే మందు. స్పైక్ గార్డులో మాత్రం అడాప్టర్ పెట్టకండి, దాని లోపలి ఫిల్టర్ మన సిగ్నల్‌ని కూడా రొద అనుకుని మింగేస్తుంది. గోడలో ఒక్కటే పాయింట్ ఉంటే ముందువైపు సాకెట్ ఉన్న అడాప్టర్ కొని, ఎక్స్‌టెన్షన్‌ని ఆ సాకెట్‌కి పెట్టుకోండి.

ఛార్జర్ తీశాక కూడా ఊగడం పోలేదు. వంటింట్లో మిక్సీ వేసిన ప్రతిసారీ వేగం పడిపోయేది. మిక్సీ మోటారు రొద కూడా కొంత ఉంటుంది, కానీ వెనక గదిలో ఇస్త్రీపెట్టె పెట్టినా అదే జరిగింది, ఇస్త్రీపెట్టెలో మోటారు లేదు కదా. లోడు పడ్డప్పుడల్లా పడుతోందంటే జాయింటునే అనుమానించాలి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మెయిన్ ఆపి, మండువా మూలనున్న జంక్షన్ బాక్సు విప్పించాం. పాత అల్యూమినియం వైరుకి ఎప్పుడో కొత్త రాగి వైరు మెలేసి టేపు చుట్టారు. టేపు పొడిలా రాలిపోయింది, అల్యూమినియం మీద తెల్లటి బూజులాంటి పొర, మెలిక వేలితో కదిపితే కదులుతోంది. అలాంటి చోట చిన్న చిన్న నిప్పురవ్వలు పుడతాయి, వాటి రొద మన పరిధి అంతటా పరుచుకుంటుంది. బల్బు వెలగడానికి అదేమీ అడ్డు రాదు, అందుకే ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియలేదు. వేగం సంగతి అలా ఉంచండి, అది కాలిపోయే జాయింటు, ఇంటర్నెట్ లేకపోయినా బాగు చేయించాల్సిందే. రెండు లోహాలకీ పనికొచ్చే కనెక్టర్ వేయించాక 40 దగ్గర నిలబడింది, మిక్సీ వేసినా కదలలేదు. క్లాసుకి అది ధారాళంగా చాలు. ఈ పని మీరు సొంతంగా చేయొద్దు, బాక్సు తెరిచేది ఎలక్ట్రీషియనే.

ఇక్కడే ఇంకో మాట. 1200, 2000 అని రాసిన అడాప్టర్లు ఆ వేగం కోసం ఎర్త్ వైరుని కూడా వాడుకుంటాయి. పాత బోర్డుల్లో మూడో రంధ్రం ఉన్నా వెనక వైరు ఉండదు చాలాచోట్ల, అప్పుడు అవి రెండు తీగల మీదే నడుస్తాయి. వాటి పై ఫ్రీక్వెన్సీలు పొడుగు తీగలో ఎలాగూ అరిగిపోతాయి. ఎర్త్ ఉందో లేదో చూపించుకున్నాకే అంత డబ్బు పెట్టండి.

అంతా బాగైంది కదా అని మేడ మీద కొత్త గదిలో పెట్టి చూస్తే 4 వచ్చింది. ఛార్జర్లు తీసినా, ఏం చేసినా 4 కదల్లేదు. ఆ గది కట్టినప్పుడు త్రీఫేజ్ తీసుకుని మేడని వేరే ఫేజు మీద వేశారు. రెండు ఫేజుల తీగలు మీటరు బోర్డు దగ్గర పక్కపక్కనే పోతాయి కాబట్టి సిగ్నల్ ఒకదాని నుంచి ఒకదానికి కొద్దిగా కారుతుంది, మనకి అందేది ఆ కారిన చుక్కే. దీనికి అడాప్టర్ మార్చి లాభం లేదు. మేము రెండో జత కొనకుండా, మేడ మెట్ల కింద పాత ఫేజు మీదున్న పాయింట్‌కి అడాప్టర్ పెట్టి, అక్కడి నుంచి మెట్ల పక్కగా ఎనిమిది మీటర్ల లాన్ కేబుల్ పైకి లాగాం. మేడ మీద 36 వస్తోంది.

వచ్చే పాఠం ఇన్వర్టర్ గురించి: రౌటర్ ఇన్వర్టర్ లైను మీద, అడాప్టర్ మామూలు లైను మీద ఉంటే కరెంటు పోయినప్పుడు ఏమవుతుందో చూద్దాం. ఆలోగా మెయిన్ దగ్గర ఒక్కో ఫ్యూజు ఆపి, ఏ బోర్డు దేని కిందకి వస్తుందో, అందులో ఇన్వర్టర్ మీద వెలుగుతూనే ఉండేవి ఏవో, అదే కాగితం మీద గది గదికీ రాసి పెట్టుకోండి.