అద్దంలో అలలు కనిపిస్తే పాతదేనా? సమస్య - పరిష్కారం

సమస్య: ఇంట్లో తాతల నాటి "బెల్జియం అద్దం" ఉంది. ముందు నిలబడి తల కదిపితే కిటికీ చువ్వలు మెలికలు తిరుగుతాయి. అలలు ఉన్నాయి కాబట్టి నూరేళ్ల పైమాటే అంటారు. వెనక పూత మాత్రం ఆ వయసుకు సరిపోదు.

ముందు చూడాల్సింది: వెనక చెక్క ఊడదీయండి. చెన్నైలో పాత అద్దాల పని చేస్తూ నేను చూసేది ఇదే, పదిమందిలో తొమ్మిదిమంది ఎదుటి నుంచి ఫోటో తీసి వయసు చెప్పమంటారు. అద్దం వయసు చెప్పే ఆధారాలు ఎక్కువగా వెనకే ఉంటాయి.

చెక్క తీశాక పూత చూడండి. మనం ఏ పూతనైనా "రసం" అనే అంటాం, అక్కడే సగం పొరపాటు. అసలు పాదరసం పూతంటే తగరపు రేకు మీద పాదరసం పోసి చేసింది. వెనక వైపు రంగు వేయకుండా బూడిదరంగులో ఉంటుంది, పక్క వెలుతురులో సన్నటి ఉప్పు పలుకుల్లా మెరుస్తుంది. ఈ పద్ధతి దాదాపు 1900 నాటికి అంతరించింది. వెండి పూత వేరు. దాని కీలకమైన రసాయన చర్యను జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ 1835లో కనుక్కున్నాడు, పరిశ్రమల్లోకి రావడానికి ఇంకొన్ని దశాబ్దాలు పట్టింది. వెండి పాడైతే అంచుల నుంచి గోధుమ, నలుపు మచ్చలు వస్తాయి, వెనక కాపాడే పెయింటు ఉంటుంది. ఎర్ర పెయింటు కనిపిస్తే పద్దెనిమిదో శతాబ్దం మాట మరిచిపోండి.

దొంగ కారణం: అల ఉన్న గాజు పాతదే కానక్కర లేదు. నేను దెబ్బ తిన్నది ఇక్కడే.

కరిగిన గాజును తొట్టి నుంచి పైకి లాగి పలకగా చేసే పద్ధతి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చింది. అలా లాగిన గాజులో సహజంగానే అలలుంటాయి. కరిగిన తగరం మీద తేలించి చేసే ఫ్లోట్ గాజును పిల్కింగ్టన్ సంస్థ 1959లో ప్రకటించినా, మన దేశంలో దాని తయారీ మొదలైంది 1990లలో. అంతవరకు మన బీరువాలకు, డ్రెస్సింగ్ టేబుళ్లకు వేసింది ఎక్కువగా లాగిన గాజే. కాబట్టి 1975లో కొన్న అద్దంలోనూ ముఖం సాగుతుంది. పైగా పంతొమ్మిదో శతాబ్దపు ఖరీదైన అద్దాలకు గాజును అరగదీసి పాలిష్ చేసేవాళ్లు, కాబట్టి నిజంగా పాతదాంట్లో అల తక్కువ ఉండొచ్చు.

తేడా ఎలా పట్టాలి? అద్దాన్ని ట్యూబ్‌లైటుకు ఎదురుగా పెట్టి, మూడు మీటర్ల దూరం నుంచి ఆ వెలుగు గీతను చూస్తూ తల మెల్లగా కదపండి. వంకరలన్నీ ఒకే దిక్కుకు సమాంతరంగా బారులు తీరితే లాగిన గాజు. ఇప్పుడు అద్దాన్ని అడ్డంగా తిప్పండి, ఆ బారులూ దానితోపాటే తిరుగుతాయి. చేత్తో ఊదిన గాజులో వంకరలు అక్కడొకటి ఇక్కడొకటి మచ్చల్లా ఉంటాయి, బుడగలూ కనిపించొచ్చు. నాలుగు మూలలా మందం కొలవండి, అన్నిచోట్లా ఒకే కొలత వస్తే యంత్రపు గాజు అనే అనుమానం బలపడుతుంది.

నెల్లూరు నుంచి వచ్చి మైలాపూరులో స్థిరపడిన ఒక కుటుంబం ముత్తవ్వ అద్దం తెచ్చింది. టేకు ఫ్రేమ్ చేత్తో చెక్కింది, అల స్పష్టంగా ఉంది. చెక్క తీయకుండానే "1880ల నాటిది" అన్నాను. అన్నదమ్ములు ఆ మాట మీద ఆస్తి లెక్కలో విలువ కట్టుకున్నారు. పూత మచ్చలకని తర్వాత నేనే విప్పితే ఎర్ర పెయింటు, నాలుగు మూలలా మూడు మిల్లీమీటర్లు. చెక్కలో మేకుల రంధ్రాలు రెండు వరసలు, ఒకటి తుప్పుతో నల్లబడింది, రెండోది కొత్త మేకులది. గాజుకూ చెక్కకూ మధ్య ఖాళీ నింపడానికి మడిచి పెట్టిన తమిళ పేపరు మీద 1974 తేదీ. అంటే ఆ చెక్క చివరిసారి మూసింది 1974కు ముందు కాదు. ఫ్రేమ్ ముత్తవ్వదే, గాజు కాదు. ఆ మాట వాళ్లింటికి వెళ్లి చెప్పాల్సి వచ్చింది, లెక్క మళ్లీ వేసుకున్నారు.

పరిష్కారం: ఫ్రేముకు, గాజుకు, పూతకు, చెక్కకు విడివిడిగా కాలం రాయండి. ఒకదాని వయసు ఇంకొకదానికి అంటగట్టకండి. రెండో వరస రంధ్రాలుంటే ఎప్పుడో విప్పారన్నమాట, గాజు మార్చారేమో చూడండి.

మిగతావి అరుదు. ఫ్రేమ్ ఒంగి గాజును నొక్కినా ముఖం సాగుతుంది, బిగింపు వదులు చేస్తే పోతుంది. అల్యూమినియం పూత ఇరవయ్యో శతాబ్దానిది, అక్కడితో తేలిపోతుంది.

పూత పాదరసమని తేలితే గీకొద్దు, వేడి చేయొద్దు, కొత్త పూత వేయించొద్దు. కింది అంచున చిన్న వెండి బిందువులు కనిపిస్తే గ్లౌజులు వేసుకుని, కిటికీలు తెరిచి, అద్దాన్ని నిలబెట్టే ఉంచండి. వాక్యూమ్ క్లీనర్ దగ్గరికి తేవద్దు, పాదరసం ఆవిరి గది నిండా పరుచుకుంటుంది.