ఏడు జట్ల స్కూల్ చెస్ లీగ్: ఐదో రౌండ్‌లో పాత జోడీలే వస్తుంటే

సమస్య: జట్లు ఏడు. వాటితో పాటు ఒక డమ్మీని పెట్టి, రెండు వరసల్లో రాసి తిప్పుతూ ఫిక్చర్ వేశారు. నాలుగు రౌండ్లు బాగానే నడిచాయి. ఐదో రౌండ్ చూస్తే మొదటి రౌండ్ జోడీలే మళ్లీ వచ్చాయి. 2, 4, 6 జట్లకు ఒక్క బై కూడా, అంటే ఆట లేని రౌండ్, రాలేదు.

కారణం: ఎనిమిది స్థానాలనూ కలిపి తిప్పేశారు. ఒకటి కదలకుండా ఉండాలి. అన్నీ కదిలితే సరి అంకె జట్టుకు ఎప్పుడూ బేసి అంకె జట్టే ఎదురవుతుంది, అందుకే 1, 3 ఎన్నటికీ కలవవు. బై ఎవరికి వచ్చిందో చూస్తే ఈ తప్పు ఇంకా ముందే దొరుకుతుంది: కింద చూపిన వరసతో మొదలుపెడితే, రెండో రౌండ్‌లో బై 6కు కాకుండా 5కు వస్తే తిప్పడం తప్పినట్టే.

పరిష్కారం: డమ్మీని ఎడమ పై మూలలో ఉంచి, మిగతా ఏడింటినీ గడియారం ముల్లు తిరిగే వైపు ఒక్కో స్థానం జరపాలి.

```
రౌండ్ 1      రౌండ్ 2
డ 1 2 3      డ 7 1 2
7 6 5 4      6 5 4 3
```

పైనా కిందా ఉన్నవి ఆడతాయి. డమ్మీ కింద పడ్డ జట్టుకు ఆ రౌండ్ విశ్రాంతి. ఇలా ఏడు రౌండ్లలో 21 మ్యాచ్‌లూ పూర్తవుతాయి.

ఇప్పటికే నాలుగు రౌండ్లు తప్పుగా ఆడేసి ఉంటే టెన్షన్ అక్కర్లేదు, ఆ ఫలితాలు కొట్టేయక్కర్లేదు. మిగిలినవి బేసి జట్ల మధ్య, సరి జట్ల మధ్య మ్యాచ్‌లే కాబట్టి మూడు రౌండ్లు చాలు:

```
రౌండ్ 5: 1-3, 5-7, 2-4, 6 బై
రౌండ్ 6: 1-5, 3-7, 2-6, 4 బై
రౌండ్ 7: 1-7, 3-5, 4-6, 2 బై
```

సమస్య: జోడీలు సరిగ్గానే ఉన్నాయి, కానీ ఒక స్కూల్ మొదటి బోర్డు పిల్లాడికి వరసగా మూడుసార్లు తెల్లపావులు, తర్వాత మూడుసార్లు నల్లపావులు వచ్చాయి.

కారణం: ప్రతిసారీ పై వరసకే తెల్ల ఇచ్చారు. 1వ జట్టు మూడు రౌండ్లు పైనే ఉంటుంది, ఆ తర్వాత మూడు రౌండ్లు కిందే. మొత్తం లెక్క 3-3 కాబట్టి పట్టికలో తేడా కనపడదు. కానీ వరసగా మూడు ఆటలు నల్లపావులతో ఆడటం పిల్లలకు కష్టమే.

పరిష్కారం: రంగును నిలువు గడిని బట్టి నిర్ణయించండి. రెండో గడిలో పై జట్టుకు, మూడో గడిలో కింది జట్టుకు, నాలుగో గడిలో మళ్లీ పై జట్టుకు మొదటి బోర్డులో తెల్ల. అప్పుడు 1వ జట్టుకు తెల్ల, నల్ల, తెల్ల, నల్ల, తెల్ల, నల్ల, చివర బై. ఏ జట్టుకూ ఒకే రంగు వరసగా రెండుసార్లు రాదు. జట్ల సంఖ్య బేసి అయితేనే ఇది ఇంత చక్కగా కుదురుతుంది. మిగతా బోర్డులకు రంగు ఒకటి విడిచి ఒకటి మారుతుంది.

సమస్య: బై వచ్చిన జట్టు పాయింట్ అడుగుతోంది.

స్విస్ పద్ధతి టోర్నీల్లో బైకి పాయింట్ ఇవ్వడం వాళ్లకు అలవాటు. ఇక్కడ అందరికీ ఒక్కో బై వస్తుంది, ఇవ్వక్కర్లేదు. ఇస్తే మధ్యలో పట్టిక తారుమారుగా కనిపిస్తుంది. వానల వల్ల లీగ్ ఐదో రౌండ్‌లోనే ఆపాల్సి వస్తే, అప్పటికి బై రాని జట్లకు అన్యాయం కూడా.