ఉద్యోగం పోయాక పన్ను డిమాండ్ వస్తే: వాయిదా లేఖకు ముందు జాగ్రత్తలు

• ముందు డిమాండ్ సరైనదేనా చూడండి. పాత యజమాని జీతంలో కోసిన పన్ను, అంటే టీడీఎస్, మీ పేరిట జమైన పన్నును చూపే ఫారం 26ఏఎస్‌లో ఉండి, డిమాండ్ లెక్కలో కలవకపోతే అడగాల్సింది గడువు కాదు, సవరణ. అది తేలకుండా పోర్టల్‌లో "Demand is correct" నొక్కవద్దు. నొక్కాక కాదనలేరు.

• నోటీసు అందిన తేదీ రాసుకోండి. 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 220(3) కింద గడువు పెంపు గానీ వాయిదాలు గానీ కోరే దరఖాస్తు, చెల్లింపు గడువు (మామూలుగా 30 రోజులు) ముగిసేలోపే అసెసింగ్ అధికారికి చేరాలి. అప్పీలు వేసినవారికి దారి వేరు, అది 220(6).

• "కష్టాల్లో ఉన్నాను" అంటే చాలదు, అంకెలు కావాలి. ఉదాహరణకు డిమాండ్ రూ.1,20,000, బ్యాంకులో రూ.90,000, ఇంటి ఖర్చు నెలకు రూ.25,000 అనుకుందాం. ఇప్పుడు రూ.20,000 కట్టి, మిగతా లక్షను నెలకు రూ.10,000 చొప్పున పది వాయిదాల్లో కడతానని రాయవచ్చు. నిలబెట్టుకోగల మొత్తమే రాయండి. తొలి వాయిదాకే తప్పితే రెండోసారి అడగడం చాలా కష్టం.

• రిలీవింగ్ లెటర్, తుది సెటిల్‌మెంట్ కాగితం, అన్ని ఖాతాల స్టేట్‌మెంట్లు జతచేయండి. ఒక్క ఫిక్స్‌డ్ డిపాజిట్ దాచినా వడ్డీ వివరం పన్ను శాఖ దగ్గరుండే మీ వార్షిక సమాచార పత్రం ఏఐఎస్‌లో కనిపిస్తుంది, నమ్మకం పోతుంది.

• గడువు ఇచ్చినా నెలకు 1 శాతం వడ్డీ ఆగదు. మిగిలిన లక్షపై మొదటి నెలకు రూ.1,000.

• లేఖ ఇచ్చినంత మాత్రాన వసూలు ఆగదు. రసీదు తీసుకుని, రాతపూర్వక ఉత్తర్వు వచ్చేదాకా అడుగుతూ ఉండండి.