ఫొటోలో ఉన్న హాల్ టికెట్ చూసి ముందు రోజు చెక్‌లిస్ట్ రాసుకోవడం ఎలా?

నీట్ హాల్ టికెట్లు వచ్చాయంటే మా అపార్ట్‌మెంట్‌లో ఏటా ఇదే తంతు. ఒకరు నెట్ సెంటర్‌లో ప్రింట్ తీయించి, దాన్ని మంచం మీద పెట్టి, ట్యూబ్‌లైట్ కింద ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడతారు. ఆ రోజు నుంచి ఇంట్లో అందరూ ఆ ఫొటోనే చూసి మాట్లాడతారు, అసలు కాగితాన్ని మళ్లీ ఎవరూ తెరవరు. పరీక్ష ముందు రోజు రాత్రి పది దాటాక "ఎన్నింటికి వెళ్లాలి?" అని అడిగితే తలా ఒక టైమ్ చెబుతారు. నలుగురైదుగురు పిల్లలకి నేనే దగ్గరుండి ఈ చెక్‌లిస్ట్ రాసిచ్చాను, అందుకే ఎక్కడ తప్పు పడుతుందో బాగా తెలుసు. నీట్‌నే ఉదాహరణగా తీసుకుంటాను, రూల్స్ ఎక్కువగా ఉండేది దానికే.

ముందుగా ఫొటో సంగతి

పగటి వెలుతురులో, కాగితాన్ని బల్ల మీద పరిచి, నిటారుగా పై నుంచి తీయండి. ఒక్కో పేజీకి ఒక్కో ఫొటో. వాట్సాప్‌లో పంపేటప్పుడు మామూలు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే చిన్న అక్షరాలు మసకబారతాయి. మడత సరిగ్గా టైమ్ ఉన్న గడి మీద పడితే ఆ ఫొటో పనికిరాదు, మళ్లీ తీయాల్సిందే. పీడీఎఫ్ ఫోన్‌లో ఉంటే ఇంకా మంచిది. కానీ చాలా ఇళ్లలో పెద్దవాళ్ల దగ్గర ఉండేది ఫొటో ఒక్కటే కాబట్టి దానితోనే చెబుతున్నాను.

చెక్‌లిస్ట్ మాత్రం రూళ్ల కాగితం మీద, బాల్ పెన్నుతో, చేత్తో రాయాలి. ఫోన్‌లోని లెన్స్‌తో టెక్స్ట్ కాపీ చేసి నోట్స్‌లో పెట్టుకునేవాళ్లని చూశాను. అడ్రస్‌కి అది సరే, అంకెలకి వద్దు. మసక ఫొటోలో 1 కాస్తా 7 అవుతుంది, చుక్క ఎగిరిపోయి 1.30 కాస్తా 130 అవుతుంది. చేత్తో రాసేటప్పుడు ప్రతి అంకెనీ ఒక్క క్షణం ఆగి చూస్తాం, కాపీ చేసినప్పుడు అసలు చూడం. పైగా కాగితం తలుపుకి అంటించి ఉంటే ఇంట్లో అందరి కంటా పడుతుంది.

సెంటర్ పేరు

పేరులో మొదటి రెండు మాటలు చూసి మ్యాప్‌లో వెతకొద్దు. "కేంద్రీయ విద్యాలయం, విశాఖపట్నం" అని రాసుకుంటే ఏమీ రాసుకోనట్టే. వాల్తేరులో ఒకటి ఉంది, మల్కాపురంలో ఒకటి, ఎన్ఏడీ దగ్గర ఒకటి, స్టీల్ ప్లాంట్‌లో ఒకటి, భీమిలి వైపు ఐఎన్ఎస్ కళింగలో ఒకటి. శ్రీవిజయనగర్‌లోనైతే నెంబర్ 1, నెంబర్ 2 అని రెండున్నాయి. అంటే పేరు చివర ఉన్న మాట, నెంబరే అసలు అడ్రస్ అన్నమాట.

ఇంకోటి, హాల్ టికెట్‌లో సిటీ విశాఖపట్నం అని ఉన్నంత మాత్రాన సెంటర్ ఊళ్లోనే ఉంటుందని అనుకోకండి. కాలేజీ సంగివలసలోనో దాకమర్రిలోనో ఉండొచ్చు. నేను మొదట చూసేది పిన్‌కోడ్. 530తో మొదలైతే మామూలుగా సిటీ, 531తో మొదలైతే ఆనందపురం, భీమిలి, అనకాపల్లి వైపు పోతున్నామని అర్థం. 530 అయినా గాజువాక, దువ్వాడ అందులోనే వస్తాయి, కాబట్టి మధురవాడలో ఉండేవాళ్లకి అదీ దగ్గరేం కాదు. పేరు, ఏరియా, పిన్‌కోడ్ మూడూ మ్యాప్‌లో వచ్చినదానితో కలిస్తేనే కాగితం మీద రాయండి. ముందు రోజు ఒకసారి వెళ్లి గేటు చూసి రమ్మని హాల్ టికెట్‌లోనే రాసి ఉంటుంది, ఆ పని తప్పకుండా చేయాలి.

టైమ్: అందరూ తప్పు చేసేది ఇక్కడే

నీట్ హాల్ టికెట్ మీద ఒక టైమ్ ఉండదు. సెంటర్‌కి రావాల్సిన టైమ్ ఒకటి, గేటు మూసే టైమ్ ఒకటి, పరీక్ష మొదలయ్యే టైమ్, ముగిసే టైమ్ ఉంటాయి. 2025లో పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు, గేటు మూసేది 1.30కి. రిపోర్టింగ్ టైమ్ మాత్రం అందరికీ ఒకటే కాదు, రద్దీ ఉండకూడదని కొందరిని ముందు, కొందరిని కాస్త ఆలస్యంగా రమ్మంటారు. కాబట్టి ఒకే సెంటర్ పడ్డ ఫ్రెండ్‌ని అడిగి అదే రాసుకోవడం కుదరదు.

మా మేనకోడలికి నేను చేసిన తప్పు ఇదే. ఫొటోలో 1.30 కొట్టొచ్చినట్టు కనిపించింది, "ఒంటిగంటన్నరలోపు వెళ్లాలి" అని రాసేశాను. తన రిపోర్టింగ్ టైమ్ 11.30 అని దాని పక్క గడిలోనే ఉంది. ఒంటిగంటా పదికి గేటు దగ్గరికి చేరాం. ఎండలో లైను, ముందు చెకింగ్, పిల్ల చేతులు వణుకుతున్నాయి. లోపలికి పంపించారు, కానీ సీటులో కూర్చున్నాక చాలాసేపటి దాకా గుండె దడ తగ్గలేదని తర్వాత చెప్పింది. 1.30 అనేది వెళ్లాల్సిన టైమ్ కాదు, ఆ తర్వాత ఇక ఎవరినీ రానివ్వని టైమ్. అది తెలిసి కూడా పొరపాటు పడ్డాను, ఎందుకంటే నాలుగు టైమ్‌లూ విడివిడిగా రాయలేదు.

అందుకే ఇప్పుడు నాలుగు లైన్లు రాస్తాను, అంకెల్లోనూ మాటల్లోనూ:

రావాల్సింది: 11.30, ఉదయం పదకొండున్నర
గేటు మూసేది: 1.30, మధ్యాహ్నం ఒంటిగంటన్నర
పరీక్ష మొదలు: 2.00, మధ్యాహ్నం రెండు
పరీక్ష ముగింపు: 5.00, సాయంత్రం అయిదు

మాటల్లో రాయమనేది ఊరికే కాదు. 11.30ని 1.30గా చదివితే చేయి గబగబా రాసేస్తుంది, కానీ "పదకొండున్నర" అని రాసేటప్పుడు మనసు ఒకసారి ఆగుతుంది. ఏఎం, పీఎం అని రాయొద్దు. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం అనే రాయండి.

రాశాక లెక్క సరిచూడాలి. నీట్ 180 నిమిషాల పరీక్ష. మొదలుకీ ముగింపుకీ మధ్య సరిగ్గా మూడు గంటలు రావాలి. గేటు మూసే టైమ్ పరీక్ష మొదలు కంటే ముందుండాలి, రావాల్సిన టైమ్ గేటు మూసే టైమ్ కంటే ముందుండాలి. దివ్యాంగులకి అదనపు సమయం ఇస్తారు కాబట్టి వాళ్ల లెక్క మాత్రం వేరు. ఈ వరసలో ఏది కలవకపోయినా ఫొటోలో ఏదో అంకె తప్పు చదివారని అర్థం. ఊహించి దిద్దొద్దు, అసలు ప్రింటో పీడీఎఫ్పో తెరవండి. రావాల్సిన టైమ్, గేటు మూసే టైమ్ రెండూ ఒకటే వచ్చాయంటే నేను చేసిన తప్పే మీరూ చేసినట్టు.

ఇప్పుడు వెనక్కి లెక్కపెట్టాలి. ఇల్లు గాజువాక, సెంటర్ సంగివలస వైపు, రిపోర్టింగ్ 11.30 అనుకుందాం. లోపలికి వెళ్లిన పిల్లాడు బయటికి వచ్చేది అయిదు దాటాకే, అంటే మధ్యాహ్నం భోజనం గేటు బయటే అయిపోవాలి. పెరుగన్నం తిని కాస్త నిమ్మళించడానికి ముప్పావుగంట కావాలి, కాబట్టి సెంటర్ దగ్గర 10.45కే ఉండాలి. ముందు రోజు వెళ్లి చూస్తే దారి గంటన్నర పట్టింది. దానికి ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక ట్రాఫిక్ కోసం ఇంకో అరగంట కలపండి. 8.45కి బండి కదలాలి. కాగితం మీద అన్నిటికంటే పైన, పెద్దగా రాయాల్సింది ఈ 8.45నే. మిగతా టైమ్‌లన్నీ హాల్ టికెట్‌లో ఉన్నాయి, ఇది మాత్రం మీరే లెక్కకట్టాలి, ఇంట్లో నిద్ర లేవడం మొదలు అన్నీ దీన్ని బట్టే నడుస్తాయి.

రూల్స్

రూల్స్ పేజీని ఉన్నదున్నట్టు ఎత్తి రాయొద్దు, ముందు రోజు రాత్రి అంతా ఎవరూ చదవరు. ప్రతి రూల్‌నీ "ఇంట్లో చేయాలి", "తీసుకెళ్లాలి", "వదిలేయాలి", "అక్కడే చేయాలి" అని నాలుగు ముక్కలుగా విడదీయండి. నాలుగోదాన్నే అందరూ మర్చిపోతారు. హాల్ టికెట్ మీద ఫొటో అంటించడం, ఎడమ బొటనవేలి ముద్ర వేయడం ఇంట్లో పనులు. సంతకం మాత్రం ఇన్విజిలేటర్ ఎదుటే పెట్టాలి. మూడు గడులూ పక్కపక్కనే కనబడేసరికి పిల్లలు ఊపులో సంతకం కూడా ఇంట్లోనే పెట్టేస్తారు. అందుకే ప్రింట్ రాగానే సంతకం గడి మీద పెన్సిల్‌తో సన్నగా "అక్కడ" అని రాస్తాను, వెళ్లే ముందు చెరిపేస్తాను. వేలిముద్ర అలికిపోతే కొత్త ప్రింట్ కావాలి కాబట్టి రెండు ప్రింట్లు తీయించండి.

తీసుకెళ్లేవాటిలో ఐడీ కార్డు ఒరిజినల్ ఉండాలి, జిరాక్సూ ఫోన్‌లో ఫొటో చెల్లవు. అప్లికేషన్‌లో పెట్టిన ఫొటోనే పాస్‌పోర్ట్ సైజులో ఒకటి తీసుకెళ్లాలి, పోస్ట్‌కార్డ్ సైజుది హాల్ టికెట్‌లో దానికోసం ఇచ్చిన పేజీలో అంటించాలి. ఈ పెద్ద ఫొటో సంగతి రాత్రి తొమ్మిదింటికి గుర్తొస్తే ఏ స్టూడియో తెరిచి ఉండదు. మంచినీళ్ల సీసా లోపల కనిపించే రకంగా ఉండాలి. పెన్ను వాళ్లే ఇస్తారు. షూస్ వద్దు, చెప్పులు. పొడుగు చేతుల చొక్కా వద్దు, ఫోనూ వాచీ ఇంట్లోనే.

ఇవన్నీ మీ హాల్ టికెట్‌లో ఉన్నట్టే రాయండి, పక్కింటి అబ్బాయికి పోయినేడు ఎలా ఉందో దాన్ని బట్టి కాదు. ఈఏపీసెట్ కంప్యూటర్ మీద రాసే పరీక్ష, దాని రూల్స్ వేరు. అన్నకి రాసిన చెక్‌లిస్ట్ తమ్ముడికి ఇవ్వడం చూశాను, అది మాత్రం చేయకండి.

ముందు రోజు

ఉదయం సెంటర్ చూసి రావడం, దారిలోనే ఫొటోలు, ప్రింట్లు. మధ్యాహ్నం అంటించడం, వేలిముద్ర. సాయంత్రం ఆరుకి అన్నీ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి, బట్టలూ చెప్పులూ పక్కన పెట్టి, పిల్లల చేతే ఒక్కోటీ చదివిస్తూ టిక్ పెట్టించండి. మీరు టిక్ పెడితే లెక్కలోకి రాదు. ఆఖరికి ఆ కాగితం పిల్లల దగ్గర కాకుండా, పొద్దున్న బండి నడిపేవాళ్ల జేబులో ఉండాలి, ఎందుకంటే 8.45 గుర్తుండాల్సింది వాళ్లకే.